ఒక్క ‘±’ గుర్తు: కన్సెంట్ నోట్‌ను గళ్లలోకి మార్చేటప్పుడు ఏం జారిపోతుంది

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రానికి కేస్ షీట్‌లో రెండు రకాల కాగితాలు చేరతాయి. ఒకటి అచ్చు వేసిన కన్సెంట్ ఫారం. కింద సంతకమో, వేలిముద్రో, పక్కన ఒక సాక్షి పేరో ఉంటుంది. రెండోది డాక్టరు రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడిన తర్వాత చేత్తో రాసిన చర్చ నోట్. మొదటి కాగితం ఎవరికైనా ఒకటే. ఫలానా మనిషికి ఏం చెప్పారు, ఆ మనిషి తిరిగి ఏం అడిగింది అన్నది తెలిసేది రెండోదాంట్లోనే. తీరా అది పేరాలు పేరాలుగా, సగం పొట్టి అక్షరాలతో, ఒక్కోసారి రాసినవాళ్లకే అర్థమయ్యే దస్తూరీతో ఉంటుంది. మర్నాడు ఓటీలో చేతులు కడుక్కుంటున్న సర్జన్‌కు దాన్ని మొదటి నుంచి చదివే తీరిక ఉండదు.

అందుకే ఆ నోట్‌ను మూడు భాగాల రికార్డుగా మార్చే పద్ధతి వచ్చింది: చెప్పిన రిస్కులు, చూపిన ప్రత్యామ్నాయాలు, రోగి వేసిన ప్రశ్నలు. మార్చేది హౌస్ సర్జన్ కావచ్చు, స్టాఫ్ నర్సు కావచ్చు, రికార్డుల విభాగంలో పనిచేసేవాళ్లు కావచ్చు. చూడ్డానికి ఇది గుమాస్తా పని. ఉన్నది తీసి గళ్లలో పెట్టడమే కదా అనిపిస్తుంది. చిక్కేమిటంటే ఖాళీగా కనిపించే గడి చేతిని లాగుతుంది. నోట్‌లో ఏముందో రాయాల్సిన చోట, ఉండాల్సింది ఏమిటో రాసేస్తారు.

ఇది మాటల్లో చెబితే తెలియదు. ఒక నోట్ ముందు పెట్టుకుని చూడాలి. కింద ఇచ్చింది ఫలానా వ్యక్తిది కాదు, ఈ ప్రాంతపు ఆస్పత్రుల్లో రాసే తీరును బట్టి అల్లిన నమూనా. కర్నూలు జిల్లా ఆదోని పక్క పల్లెకు చెందిన 43 ఏళ్ల స్త్రీ. ముగ్గురు పిల్లలు, పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఏడాదిగా ముట్టు వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు. నవంబరు రెండో వారంలో గర్భసంచి తీసే ఆపరేషన్‌కు చేరింది. నోట్ ఇంగ్లీషులో ఉందనుకుందాం. దాన్ని తెలుగు చేసి, వాక్యాలకు అంకెలు వేస్తే ఇలా ఉంటుంది:

(1) రోగికి, అటెండర్లకు వివరించాం. (2) గర్భసంచిలో గడ్డలు, పెద్దది 7 సెం.మీ. (3) మూడు నెలలు మాత్రలు వాడినా బ్లీడింగ్ తగ్గలేదు. (4) హిమోగ్లోబిన్ 7.8 ఉండగా ఐరన్ ఇంజెక్షన్లతో 10.2కు వచ్చింది. (5) టీఏహెచ్ ± బీఎస్ఓ చేయాలని చెప్పాం. (6) రక్తస్రావం, రక్తం ఎక్కించాల్సి రావడం, ఇన్ఫెక్షన్, మూత్రాశయానికి దెబ్బ, మత్తు ఇబ్బందులు మొదలైనవన్నీ వివరించాం. (7) లూప్ గురించి కూడా చెప్పాం, ఆసక్తి లేదు. (8) అండాశయాలు ఉంచుతారా అని అడిగారు. లోపల చూసి నిర్ణయిస్తామన్నాం. (9) భర్త అన్నీ ఒకేసారి తీసేయమన్నాడు. (10) సుగ్గికి, అంటే వలస కూలికి, ఎప్పుడు పోవచ్చని అడిగింది. డిశ్చార్జి అప్పుడు చెబుతామన్నాం. (11) వదినకు ఇదే ఆపరేషన్ తర్వాత నడుము పడిపోయిందని భయపడుతోంది, ధైర్యం చెప్పాం. (12) రిస్కులు అర్థమై ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు.

నిజానికి ఇది మంచి నోటే. చాలా కేస్ షీట్లలో ‘రిస్కులు వివరించాం, ఒప్పుకున్నారు’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఇందులో రోగి మాట నాలుగు చోట్ల వినిపిస్తోంది. ఇంత మంచి నోట్‌ను హడావిడిగా గళ్లలోకి మారిస్తే ఏమవుతుందో చూడండి:

```
ఆపరేషన్      : టీఏహెచ్, బీఎస్ఓ
రిస్కులు       : రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మూత్రాశయం,
               మూత్రనాళం, పేగు, రక్తం గడ్డకట్టడం,
               మత్తు, ప్రాణాపాయం - వివరించారు
ప్రత్యామ్నాయాలు : మందులు, హార్మోన్ లూప్ - నిరాకరించింది
ప్రశ్నలు       : అన్నింటికీ సమాధానం ఇచ్చారు
```

చక్కగా, నిండుగా ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తే మెచ్చుకుంటారు. కానీ ఇందులో నోట్‌లో లేని సంగతులు కనీసం ఐదు చేరాయి, ఉన్న సంగతుల్లో అతి ముఖ్యమైనవి మాయమయ్యాయి. ఒక్కొక్కటే విప్పుకుంటూ పోదాం.

ఆ గుర్తు ఎటు పోయింది?

టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచిని పూర్తిగా తీయడం. బీఎస్ఓ అంటే రెండు పక్కలా అండాశయాలను, వాటి నాళాలను తీయడం. మధ్యలో ఉన్న ‘±’ గుర్తుకు ‘అవసరమైతే’ అని అర్థం. డాక్టర్లు రోజుకు పదిసార్లు రాసే గుర్తు అది. ఫారంలో మాత్రం ‘±’కు గడి ఉండదు. బీఎస్ఓ పక్కన అవును, కాదు అన్న రెండే ఉంటాయి. మార్చేవాళ్లు అవును మీద టిక్ పెడతారు. అంతటితో ‘చూసి చెబుతాం’ అన్న మాట ‘ఒప్పుకుంది’ అయిపోతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు చెప్పింది. సమీరా కోహ్లీ కేసుగా పేరుపడిన ఆ తీర్పు సరిగ్గా ఈ సంగతి మీదే. 1995లో, 44 ఏళ్ల అవివాహిత ఒకామె పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయట కూర్చున్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేసింది. వ్యాధి నిర్ధారణ తప్పు కాదనీ, దురుద్దేశం లేదనీ వాదన జరిగింది. అయినా కోర్టు ఒప్పుకోలేదు. ఆ సమయానికి ప్రాణాపాయం లేదు. రోగి మేజరు, మత్తు దిగితే సొంతంగా చెప్పగలిగిన మనిషి. అలాంటప్పుడు తల్లి ఒప్పుదల రోగి ఒప్పుదల కాదు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదు, ఒక చికిత్సకు ఇచ్చింది ఇంకోదానికి చెల్లదు అని తేల్చింది. ఫీజు వదులుకోవడమే కాకుండా రూ. 25,000 పరిహారం ఇమ్మంది.

అలాగని ‘±’ రాయడమే నేరమని కాదు. లోపల పరిస్థితిని బట్టి ఇంకో పని చేయాల్సి రావచ్చని ముందే చెప్పి, దానికీ కలిపి సమ్మతి తీసుకోవచ్చని అదే తీర్పు చెబుతోంది. అయితే ఆ ‘పరిస్థితి’ ఏమిటో చెప్పి ఉండాలి. ఇక్కడ 5వ వాక్యం చెప్పలేదు. 8వ వాక్యంలో ఎవరో అడిగినా ‘లోపల చూసి’ అన్నారే తప్ప, ఏం కనిపిస్తే తీస్తారు, ఏం కనిపించకపోతే ఉంచుతారు అన్నది లేదు.

అందుకని మార్చిన రికార్డులో ఆపరేషన్ ఒక వరుస కాదు, రెండు వరుసలు కావాలి. గర్భసంచి తీయడం: సమ్మతి ఉంది, వాక్యం 12. అండాశయాలు తీయడం: ‘అవసరమైతే’ అన్నారు, ఏది అవసరమో నోట్‌లో లేదు, రోగి సమ్మతి విడిగా లేదు, వాక్యాలు 5, 8. ఈ రెండో వరుస చూడ్డానికి అసంపూర్తిగా, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వాలి. ఆ ఇబ్బంది ఆపరేషన్ కంటే ముందే డాక్టరు కంటపడటానికే కదా ఈ శ్రమంతా.

రిస్కుల గడి

నోట్‌లో ఐదు రిస్కులున్నాయి, హడావిడి రికార్డులో ఎనిమిది. మూత్రనాళం, పేగు, రక్తం గడ్డకట్టడం, ప్రాణాపాయం ఎక్కడి నుంచి వచ్చాయి? 6వ వాక్యంలోని ‘మొదలైనవన్నీ’ నుంచి. మార్చిన మనిషికి ఈ ఆపరేషన్ తెలుసు. తెలిసినవన్నీ ఆ ‘మొదలైన’లో ఉండే ఉంటాయని పూరించేశారు. పైగా రక్తం ఎక్కించాల్సి రావడం అన్నది రక్తస్రావంలో కలిసిపోయి కనబడకుండా పోయింది. రోగికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు. రక్తం ఎక్కించాలంటే ఇంట్లో ఎవరో ఒకరు బ్లడ్ బ్యాంకుకు పోవాలి.

‘మొదలైనవి’ అని ఉంటే రికార్డులోనూ ‘మొదలైనవి’ అనే రాయాలి. దాన్ని విప్పే హక్కు ఆ గదిలో కూర్చుని మాట్లాడిన మనిషికే ఉంది. విప్పాలనుకుంటే ఆయనే తారీఖు, సమయం వేసి కొత్తగా రాయాలి.

అంకెల విషయంలో ఇదే పొరపాటు ఇంకా నాజూకుగా జరుగుతుంది. చాలా ఫారాల్లో ‘ఎంత తరచుగా’ అనే గడి ఉంటుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజీ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ ఈ ఆపరేషన్‌కు రాసిన కన్సెంట్ సలహాపత్రంలో అంకెలు సిద్ధంగా దొరుకుతాయి. రక్తం ఎక్కించాల్సినంత రక్తస్రావం 1000 మందిలో 23 మందికి, మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ 1000 మందిలో ఏడుగురికి అని అందులో ఉంది. రోగితో మాట్లాడేటప్పుడు ఆ అంకెలు చేతిలో ఉంటే మంచిదే. కానీ మాట్లాడింది అయిపోయాక, రోగి మంచం దగ్గరికి వెళ్లిపోయాక, ఫారంలో 23 అని రాస్తే ఆమె ఎన్నడూ వినని అంకె ఆమె విన్నట్టు అవుతుంది. నోట్‌లో అంకె లేదు. కాబట్టి గడిలో ‘చెప్పినట్టు లేదు’ అనే రాయాలి.

లేని రిస్కును చేర్చకపోవడం ఎంత ముఖ్యమో, ఉండాల్సిన రిస్కు లేదని గుర్తించడమూ అంతే ముఖ్యం. వరుసలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తేనే ఇది తెలుస్తుంది. అండాశయాలు తీసే అవకాశం ఉందని 5వ వాక్యం అంటోంది. వాటిని తీస్తే ఏమవుతుందో 6వ వాక్యంలో ఒక్క మాటా లేదు. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46 ప్రాంతం. 43 ఏళ్లకు రెండు అండాశయాలూ తీస్తే ముట్లు ఆగే మార్పులన్నీ మెల్లగా కాకుండా ఒక్కసారిగా మీద పడతాయి. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కొన్నేళ్లలో ఎముకల బలం త్వరగా తగ్గడం. పొడుగాటి నోట్‌లో ఈ లోటు కళ్లకు ఆనదు. పేరాలో అన్నీ కలిసి సాగిపోతాయి. విడదీసి పెట్టగానే ‘పని ఉంది, దాని రిస్కు లేదు’ అన్న ఖాళీ బయటపడుతుంది. గళ్ల పద్ధతి వల్ల నిజంగా ఒరిగే లాభం ఇదే. ఖాళీని పూరించేస్తే ఆ లాభమూ పోతుంది.

లూప్ అంటే ఏ లూప్?

ప్రత్యామ్నాయాల గడి దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో కాస్త ఎక్కువ నిదానం కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015-16) లెక్కన 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే మన రాష్ట్రంలో 8.9 శాతం. పల్లెల్లో ‘పిల్లలు అయిపోయినాక అదెందుకు’ అన్న మాట సర్వసాధారణం. అలాంటి చోట ‘వేరే దారి చూపించారా?’ అన్న గడిలో ఏం రాశారన్నది నిజంగానే పట్టించుకోవాల్సిన సంగతి.

హడావిడి రికార్డులో ‘మందులు, హార్మోన్ లూప్ - నిరాకరించింది’ అని ఉంది. మందులను ఆమె నిరాకరించలేదు. మూడు నెలలు వాడింది, తగ్గలేదు (వాక్యం 3). వాడి చూసినదాన్ని కాదన్నదిగా రాయడం ఆమెకు అన్యాయం, డాక్టరుకూ నష్టం. ఎందుకంటే ఆపరేషన్ దాకా రావడానికి డాక్టరుకు ఉన్న బలమైన కారణం అదే. ఇక ఏ మాత్రలు, ఏ మోతాదు అన్నది నోట్‌లో లేదు. ట్రనెక్సమిక్ యాసిడా, హార్మోన్ మాత్రలా తెలియదు. పాత ఓపీ చీటీలో దొరకవచ్చు. దొరికితే ‘ఓపీ చీటీ నుంచి’ అని మూలం చెప్పి రాయాలి.

లూప్ సంగతి మరీ తమాషా. నోట్‌లో ‘లూప్’ అనే ఉంది, హార్మోన్ లూప్ అని లేదు. డాక్టరు మనసులో ఉన్నది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను విడుదల చేసే లూపే అయి ఉండవచ్చు. అది గర్భసంచి లోపలి పొరను పలచబరిచి బ్లీడింగ్ తగ్గిస్తుంది. కానీ పల్లెలో లూప్ అంటే కాపర్-టీ. అది పిల్లలు పుట్టకుండా వేసేది, కొందరికి బ్లీడింగ్ ఇంకా పెంచేది. పిల్లల ఆపరేషన్ ఎప్పుడో చేయించుకున్న మనిషి దగ్గరకొచ్చి లూప్ అంటే ఆమె ఏమనుకుంటుంది? ‘నాకెందుకు సార్ లూపు, నాకు ఆపరేషన్ అయిపోయిండాది కదా’ అంటుంది. నోట్ రాసే చేతికి అది ‘ఆసక్తి లేదు’గా కనిపిస్తుంది. ఆమె కాదన్నది డాక్టరు చెప్పినదాన్నో, తాను అనుకున్నదాన్నో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మార్చేవాళ్లు ‘హార్మోన్’ అన్న ఒక్క మాట చేర్చడంతో ఆ అనుమానం మాసిపోయింది.

అందువల్ల ఈ గడిలో ప్రత్యామ్నాయం పేరొకటే చాలదు, దాని స్థితి కూడా కావాలి: వాడి చూశారా, చెప్పారా, ఇక్కడ దొరకదన్నారా, నోట్‌లోనే లేదా. గర్భసంచి ఉంచి గడ్డ మాత్రమే తీయడం, గడ్డకు పోయే రక్తనాళాన్ని మూసివేయడం, ఏమీ చేయకుండా ముట్లు ఆగేదాకా కాచుకోవడం, ఈ మూడూ ఈ నోట్‌లో లేవు. వాటిని ‘ఇవ్వలేదు’ అని రాయకూడదు. చెప్పి ఉండవచ్చు, రాయడం మరిచిపోయి ఉండవచ్చు. ‘నోట్‌లో లేదు’ అన్నదే సరైన మాట. ఈ రెండు మాటల తేడా పట్టుకోలేని రికార్డు రేపు రోగి పక్కన నిలబడదు, డాక్టరు పక్కనా నిలబడదు. చికిత్సే వద్దంటే ఏమవుతుందో చెప్పాలని కూడా 2008 తీర్పు అంటుంది. ఈ నోట్‌లో అదీ లేదు. ఆ వరుస కూడా ఖాళీగా కనపడాలి.

అడిగింది ఎవరు?

ప్రశ్నల గడిని ఎక్కువమంది ఆఖరున, అలసిపోయాక రాస్తారు. ‘ప్రశ్నలకు సమాధానం ఇచ్చారు’ అని ఒక్క గీత. ఈ నోట్‌లో దాచుకోదగ్గ సరుకంతా ఇక్కడే ఉంది.

మొదట, ఎవరు మాట్లాడారు? 1వ వాక్యంలో ‘రోగికి, అటెండర్లకు’. 12లో ‘ఒప్పుకున్నారు’. 8లో ‘అడిగారు’. తెలుగులో ‘అడిగారు’ అంటే ఒక్క మనిషికి మర్యాద కావచ్చు, పదిమందీ కావచ్చు. ఇంగ్లీషు నోట్లలో కర్త లేకుండా రాసే అలవాటు కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది. మన ఆస్పత్రుల్లో ‘పేషెంట్ పార్టీ’ అన్న మాట ఒకటుంది. రోగి, మొగుడు, అన్న, ఊరి నుంచి తోడొచ్చిన పెద్దమనిషి, అందరూ కలిపి ఆ పార్టీ. పార్టీ ఒప్పుకుంటుంది, పార్టీ అడుగుతుంది, పార్టీ సంతకం పెడుతుంది. అందులో ఆపరేషన్ బల్ల మీద పడుకునే మనిషి గొంతు ఏదో తెలియదు. అండాశయాలు ఉంచుతారా అని అడిగింది ఆమే అయితే, ఉంచాలన్న కోరిక అందులో ఉండి ఉండవచ్చు. 9వ వాక్యంలో భర్త దానికి సరిగ్గా ఎదురు మాట అన్నాడు. ‘మళ్లా మళ్లా వచ్చేకి కాదు సార్, అంతా ఒకేసారి తీసెయ్యండి’ అనే ధోరణి. అతని ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే, కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి. కానీ హడావిడి రికార్డులో బీఎస్ఓ పక్కన పడిన టిక్ ఎవరి మాట మీద పడింది? భర్త మాట మీద. తల్లి ఒప్పుదల చెల్లదని కోర్టు అన్న సంగతి ఇక్కడ ఇంకో బంధువు రూపంలో తిరిగొచ్చింది. అందుకే ప్రశ్నల గడిలో మొదటి నిలువు వరుస ‘ఎవరు’ అన్నదే ఉండాలి. తెలియకపోతే ‘స్పష్టం కాదు’ అని రాయాలి. భర్త మాటను భర్త మాటగానే, రోగి ఇష్టంతో కలపకుండా, విడిగా రాయాలి.

రెండోది, సమాధానం వచ్చిందా? సుగ్గి ప్రశ్న చూడండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానాకాలపు పని అయిపోగానే ఊళ్లకు ఊళ్లు వలస కూలికి గుంటూరు మిరపతోటల వైపు బయల్దేరడాన్ని సుగ్గి అంటారు. ఊరికి దూరంగా, గుడిసెల్లో ఉండి, వంగి మిరపకాయలు కోసి, బస్తాలు మోసే పని. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత బరువు పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. నవంబరు రెండో వారంలో ఆపరేషన్ అయితే ఎనిమిది వారాలకు జనవరి మొదటివారం దాటవచ్చు. అంటే ఆమె అడిగింది ఆపరేషన్ తర్వాతి జాగ్రత్తల గురించి కాదు. ఆపరేషన్ ఇప్పుడా, సుగ్గి నుంచి వచ్చాకా అని తేల్చుకోవడానికి కావాల్సిన సంగతి గురించి. దానికి ‘డిశ్చార్జి అప్పుడు చెబుతాం’ అంటే, నిర్ణయం అయిపోయాక చెబుతాం అన్నట్టే. రికార్డులో ఈ ప్రశ్న ‘సమాధానం వాయిదా’ అని, ఎర్ర సిరాతో కాకపోయినా, తెరిచి ఉంచాలి.

మూడోది వదిన సంగతి. 11వ వాక్యంలో ప్రశ్న లేదు, భయం ఉంది. అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. ప్రశ్నార్థకం లేని ప్రశ్న అది. ‘ధైర్యం చెప్పాం’ అన్నది సమాధానం కాదు. సమాచారం ఏదీ చేరలేదు. నిజానికి ఆ భయాన్ని 8వ వాక్యం పక్కన పెడితే వేరే అర్థం వస్తుంది. వదినకు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసి ఉంటే, ఎముకల బలం తగ్గి నడుము బాధపెట్టడం జరగగల విషయమే. తీయకపోయి ఉంటే కారణం ఇంకేదో. వదినకు ఏం తీశారో నోట్‌లో లేదు. రోగి మాత్రం రెండు వాక్యాల్లో ఒకే సంగతి చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు. రికార్డులో ఈ రెండు వరుసలకూ ‘ఒకదానికొకటి సంబంధం ఉండొచ్చు, అడగాలి’ అని గుర్తు పెట్టాలి. అంతకంటే ఎక్కువ రాయకూడదు. ఇది మార్చేవాళ్ల ఊహ కాబట్టి రోగి మాటల గడిలో కాకుండా పక్కన రాయాలి.

ఇలా విడదీశాక ప్రశ్నల భాగం ఇలా తేలుతుంది:

```
వాక్యం 8  | ఎవరు: స్పష్టం కాదు | అండాశయాలు ఉంచుతారా?
          | సమాధానం: లోపల చూసి | స్థితి: తెరిచి ఉంది
వాక్యం 9  | ఎవరు: భర్త | అన్నీ తీసేయండి (కోరిక)
          | రోగి అభిప్రాయం: నోట్‌లో లేదు
వాక్యం 10 | ఎవరు: రోగి | సుగ్గికి ఎప్పుడు?
          | సమాధానం: డిశ్చార్జికి వాయిదా | తెరిచి ఉంది
వాక్యం 11 | ఎవరు: రోగి | వదిన నడుము (భయం)
          | సమాధానం: ధైర్యం మాత్రమే | తెరిచి ఉంది
```

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది

సులువైన పరీక్ష తిరగేసి చదవడం. రికార్డులోని ఒక్కో వరుస తీసుకుని, పక్కన ఉన్న వాక్యం అంకె పట్టుకుని నోట్‌లోకి పోవాలి. వరుసలోని ప్రతి మాటకూ అక్కడ ఆధారం ఉండాలి. అంకె లేని వరుస ఏదైనా ఉంటే అది చేర్చినదే. తర్వాత రెండో దిక్కు నుంచి, నోట్‌లోని ప్రతి వాక్యం ఏదో ఒక వరుసలో చేరిందా అని చూడాలి. పై నోట్‌లో 2, 4 వాక్యాలు జబ్బు వివరాల్లోకి పోతాయి. మిగతావన్నీ ఆపరేషన్ వరుసల్లోనో, మూడు గళ్లలోనో ఎక్కడో ఒకచోట తేలాలి. ఇలా చూస్తే హడావిడి రికార్డులో 9, 10, 11 వాక్యాలు ఎక్కడా తేలవు.

ఇంకో గుర్తు, నెలకు ఓ పది రికార్డులు పక్కపక్కన పెట్టి చూడటం. పదింటిలోనూ రిస్కుల జాబితా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే, అది నోట్ల నుంచి వచ్చింది కాదు, పాత ఫైలు నుంచి కాపీ చేసింది. కంప్యూటర్ ఫారాల్లో ‘వివరించాం’ అన్న టిక్ ముందే పడి ఉండటం దీనికి ప్రధాన కారణం. ముందస్తు టిక్ తీసేసి ఖాళీగా ఉంచితే సగం రోగం కుదురుతుంది.

అసలు నోట్‌ను మాత్రం ముట్టుకోకూడదు. రికార్డు దాని పక్కన ఉంటుంది, దాని స్థానంలో కాదు. కేస్ షీట్‌ను కనీసం 3 ఏళ్లు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అడిగినప్పుడు చేతికి వెళ్లేది రెండూ. ఒకదాంట్లో ‘±’ ఉండి రెండోదాంట్లో లేకపోతే, ఆ తేడాను మొదట పట్టుకునేది అవతలి పక్క వకీలే.

ఇక మన నమూనా. తెరిచి ఉన్న వరుసలు సర్జన్ కంటపడ్డాయనుకుందాం. సాయంత్రం రౌండ్స్‌లో ఆమెతో విడిగా పావుగంట మాట్లాడతారు. భర్త టీకి వెళతాడు. ఆ మాటలు కొత్త తారీఖు, సమయంతో నోట్ కింద అనుబంధంగా చేరతాయి: అండాశయాలు ఉంచమని రోగి తనంతట తానే చెప్పింది. అనుమానపడే గడ్డ కనిపిస్తేనే తీస్తామని, తీస్తే ఏమవుతుందో చెప్పాం. లూప్ అంటే కాపర్-టీ కాదని వివరించాం, అయినా ఆపరేషనే కావాలంది. బరువు పనికి ఎనిమిది వారాలు ఆగాలన్నాం. సంక్రాంతి ఎల్లినాక పోతానంది. వదినకు ఏం తీశారో ఆమెకు తెలియదు.

రికార్డులో 8, 10 వరుసలు మూసుకుంటాయి. 9వ వరుసలో రోగి అభిప్రాయం వచ్చి చేరుతుంది, భర్త మాట చెరగదు. 11వ వరుస పక్కన ‘వదిన వివరాలు తెలియవు’ అని చేరి, అది అలాగే తెరిచి ఉంటుంది.